రెండు ప్లేట్ల నడుమ సగమా, పావా: ఒక రిలాక్సేషన్ ప్రోగ్రామును సరిచేసిన తీరు

అనంతపురంలో నేను ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చెప్పే డిగ్రీ కాలేజీలో పిల్లల చేత ఒకే లెక్కను రెండు దారుల్లో చేయిస్తాం. మొదటిది నీళ్ళ ట్రే. 20 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ ట్రేలో సెంటీమీటరు లోతుకు నీళ్ళు పోసి, ఎడమ అంచుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి ఇత్తడి రేకులు నిలబెడతాం. ఎడమ రేకుకు 6 వోల్టుల ఏసీ, కుడి రేకుకు సున్నా. మల్టీమీటర్ ముల్లును నీళ్ళలో అక్కడక్కడా ముంచి పొటెన్షియల్ కొలుస్తారు. డీసీ ఇస్తే రేకుల మీద బుడగలు పట్టి, రేకుకూ నీటికీ మధ్యనే కొంత వోల్టేజి పడిపోతుంది. అందుకే ఏసీ. మా ఊరి బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు ధారాళంగా పోతుంది. నీటి వాహకత ఎంతైనా సరే, ట్రే అంతటా ఒకేలా ఉంటే పొటెన్షియల్ పంపకం మారదు.

రెండో దారి పైథాన్. ట్రేను 2 మిల్లీమీటర్ల గడులుగా కోస్తే అటు 100, ఇటు 100 గడులు వస్తాయి. అంటే 101 × 101 బిందువులు. ఒక బిందువులోకి వచ్చే కరెంటు, పోయే కరెంటు సమానం కావాలంటే అక్కడి పొటెన్షియల్ నాలుగు పక్కల బిందువుల సగటు కావాలి. లాప్లాస్ సమీకరణం గ్రిడ్ మీద చెప్పేది ఇంతే. ప్లేట్ల విలువలు కదలకుండా పట్టుకుని, మిగిలిన ప్రతి బిందువునూ దాని నాలుగు పక్కల సగటుతో మళ్ళీ మళ్ళీ మారుస్తూ పోతే విలువలు క్రమంగా కుదురుకుంటాయి. అదే రిలాక్సేషన్. ప్రోగ్రాములో ఎడమ ప్లేటును 100 వోల్టులుగా తీసుకుంటాం. సమీకరణం లీనియర్ కాబట్టి వచ్చిన జవాబును 0.06తో గుణిస్తే ట్రే విలువలు వస్తాయి.

ఒక బ్యాచ్ అమ్మాయి రికార్డు పట్టుకుని వచ్చింది. "సార్, ట్రేలో నట్టనడుమ దాదాపు సగం చూపిస్తాంది. ప్రోగ్రాములో పావే వస్తాంది. ఏది రాయాల?"

ఆమె ప్రోగ్రాము ఇది.

```python
import numpy as np
V = np.zeros((101, 101))
V[:, 0] = 100.0
for k in range(100000):
    W = V.copy()
    V[1:-1, 1:-1] = (W[:-2, 1:-1] + W[2:, 1:-1]
                   + W[1:-1, :-2] + W[1:-1, 2:]) / 4
    if abs(V - W).max() < 1e-4:
        break
print(k, V[50, 50])
```

దాదాపు 10,700 ఇటరేషన్ల తర్వాత ఆగి, నడిమి బిందువు దగ్గర 24.8 చూపిస్తుంది. సగటు తీసే వరుసలో తప్పేమీ లేదు, స్లైసులన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను అడిగింది ఒక్కటే. "ట్రే పక్కగోడలు దేంతో చేసినారమ్మా?"

"ప్లాస్టిక్ సార్."

"మరి నీ ప్రోగ్రాములో?"

`np.zeros` గ్రిడ్ మొత్తాన్నీ సున్నాతో నింపింది. లూపు `1:-1` లోపలి బిందువులనే మారుస్తుంది. కాబట్టి పై వరుస, కింది వరుస చివరిదాకా సున్నాగానే మిగిలిపోతాయి. సున్నా వోల్టుల దగ్గర కదలకుండా నిలిచిన గోడంటే ఎర్త్ చేసిన లోహపు గోడ. ఆమె లెక్క కట్టింది మూడు వైపులా ఎర్త్ చేసిన లోహం, నాలుగో వైపు 100 వోల్టులు ఉన్న పెట్టెకు. ఆ పెట్టెకు 25 వోల్టులే సరైన జవాబు. చేత్తోనే చూపించవచ్చు. ఒక్కో పక్కకు మాత్రమే 100 ఇచ్చిన నాలుగు లెక్కలను కలిపితే నాలుగు గోడలూ 100 ఉన్న పెట్టె వస్తుంది, దాని లోపల అంతటా 100 వోల్టులే. నాలుగు లెక్కలూ ఒకదాన్నొకటి తిప్పి పెట్టినవే కాబట్టి నడిబిందువులో ఒక్కోదాని వాటా సరిగ్గా 25.

ఈ తప్పును పట్టడం కష్టం, ఎందుకంటే ప్రోగ్రాము ఎక్కడా ఎర్రర్ ఇవ్వదు, గ్రాఫు కూడా అందంగా వస్తుంది. పిల్లలు "సరిహద్దు విలువలు ఇచ్చాం" అంటారు, నిజంగా ఇచ్చింది రెండు పక్కలకే. మిగతా రెండు పక్కలకు వాళ్ళు ఏమీ ఇవ్వలేదు, సున్నా దానంతటదే వచ్చి కూర్చుంది. లాప్లాస్ సమీకరణానికి హద్దు చుట్టూ ప్రతి బిందువు దగ్గరా ఏదో ఒక షరతు ఉండాలి, విలువ గానీ వాలు గానీ. మనం చెప్పకపోతే అర్రే చెబుతుంది.

ప్లాస్టిక్ గోడలోకి కరెంటు పోదు. అంటే గోడకు లంబంగా పొటెన్షియల్ వాలు సున్నా. గోడ మీది బిందువుకు అవతల ఒక ఊహా బిందువు ఉందనుకుని, దాని విలువ ఇవతలి బిందువు విలువకు సమానమంటే ఆ షరతు తీరిపోతుంది. నంపైలో `np.pad` ఈ పని ఒక వరుసలో చేసిపెడుతుంది.

```python
def sagatu(V):
    P = np.pad(V, ((1, 1), (0, 0)), mode="reflect")
    return (P[:-2, 1:-1] + P[2:, 1:-1]
          + V[:, :-2] + V[:, 2:]) / 4
```

ఇక్కడ `reflect` అనే రాయాలి. `edge` అని రాస్తే గోడ విలువే మళ్ళీ వచ్చి, అద్దం అరగడి పక్కకు జరిగినట్టవుతుంది. లూపులో `V[:, 1:-1] = sagatu(V)` అంటే పై, కింది వరుసలు కూడా మారతాయి. కదలనివి ఎడమ, కుడి నిలువు వరుసలు మాత్రమే. ఇప్పుడు 1e-4 టాలరెన్స్‌తో నడిపితే సుమారు 20,500 ఇటరేషన్లకు ఆగి 49.6 చూపించింది. రావాల్సింది 50.

మిగిలిన ఆ 0.4 వోల్టులు గ్రిడ్ ముతకదనం వల్ల వచ్చినవి కావు. పక్కగోడలు ఇన్సులేటర్లైతే అసలు జవాబు ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు తిన్నగా దిగే సరళరేఖ. సరళరేఖకు నాలుగు పక్కల సగటు సూత్రం ఏ గ్రిడ్ మీదైనా కచ్చితంగా సరిపోతుంది. తేడా ఎక్కడ నుంచి వచ్చిందో పక్క బ్యాచ్ ప్రోగ్రాములో ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. వాళ్ళు గోడలను సరిగ్గానే పెట్టుకున్నారు, కానీ ప్రోగ్రాము ఆలస్యమవుతోందని టాలరెన్స్‌ను 0.01 వోల్టులకు పెంచారు. 100 వోల్టుల లెక్కలో 0.01 అంటే పదివేలలో ఒక వంతు కదా అన్నది వాళ్ళ ఆలోచన. ప్రోగ్రాము సుమారు 2,400 ఇటరేషన్లకు ఆగింది. నడిబిందువు దగ్గర 15 వోల్టులు!

0.01 వోల్టుల టాలరెన్స్‌కు 35 వోల్టుల తప్పు. ఈ పద్ధతిని వాడేవాళ్ళు అన్నిటికంటే బాగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

టాలరెన్స్ కొలిచేది ఒక ఇటరేషన్‌లో విలువ ఎంత కదిలిందన్నది. అసలు జవాబుకు ఇంకా ఎంత దూరంలో ఉన్నామన్నది అది చెప్పదు. ఈ లెక్కలో కదలిక చాలా నెమ్మది, ఎందుకంటే ఒక ఇటరేషన్‌లో సమాచారం ఒక్క గడే ముందుకు పోతుంది, అదీ సగటుల్లో పలచబడుతూ. నిజానికి ప్రతి ఇటరేషన్ ఒక వేడి కమ్మీ సమీకరణంలో ఒక కాలపు అడుగు లాంటిది. సున్నాతో మొదలైన కమ్మీకి ఎడమ కొనను ఒక్కసారిగా 100 చేశాం, వేడి కుడి కొనదాకా పాకి నిలకడకు వచ్చేదాకా ఆగాలి. వేడి పాకే దూరం కాలపు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి 100 గడులు దాటడానికి కావలసిన ఇటరేషన్లు 100 వర్గం లెక్కన పెరుగుతాయి.

దీన్ని అంకెల్లో పెట్టవచ్చు. తప్పులో అన్నిటికంటే మొండి భాగం ప్లేటు నుంచి ప్లేటుకు ఒకే ఒక్క సైన్ వంపుగా ఉండే భాగం. ఇన్సులేటర్ గోడల మధ్య అది ఒక్కో ఇటరేషన్‌కు ఈ నిష్పత్తిలో తగ్గుతుంది. N అంటే ప్లేటు నుంచి ప్లేటుకు ఉన్న గడుల సంఖ్య.

```
μ = (1 + cos(π/N)) / 2
N = 100:  1 − μ ≈ 0.000247
```

అంటే ఒక ఇటరేషన్‌లో జరిగే కదలిక మిగిలిన తప్పులో 0.000247 వంతు. తిరగేస్తే మిగిలిన తప్పు కదలికకు సుమారు 4,050 రెట్లు. చివరి దశలో కదలిక 1e-4 వోల్టులైతే తప్పు 0.4 వోల్టులు. ఆ అమ్మాయికి 49.6 వచ్చింది ఇందుకే. సున్నా గోడలతో నడిపిన మొదటి ప్రోగ్రాములో ఈ గుణకం సుమారు 2,030, అందుకే అక్కడ 25కు బదులు 24.8 వచ్చింది. 0.01 దగ్గర ఆపినవాళ్ళకు సూత్రం ప్రకారం 40 వోల్టుల తప్పు రావాలి, వచ్చింది 35. అంత తొందరగా ఆపితే వేగంగా తగ్గే భాగాలు కూడా ఇంకా కొంత మిగిలే ఉంటాయి కాబట్టి సూత్రం ఉజ్జాయింపుగానే పనిచేస్తుంది. నడిబిందువులో తప్పు 0.004 వోల్టులకు దిగాలంటే టాలరెన్స్ 1e-6 పెట్టి సుమారు 39,000 ఇటరేషన్లు నడపాలి.

గ్రిడ్‌ను రెట్టింపు సన్నం చేస్తే ఈ గుణకం నాలుగింతలవుతుంది. అంటే టాలరెన్స్ మార్చకుండా గ్రిడ్ మాత్రం సన్నం చేసినవాళ్ళకు జవాబు ఇంకా చెడుతుంది. "సన్నం చేశాం సార్, ఇంకా తప్పొస్తాంది" అనే ఫిర్యాదు ఎవరైనా తెస్తే ముందు చూడాల్సింది టాలరెన్సే.

మనకు μ సూత్రం తెలియని ఆకారాలకు కూడా ఈ అంచనా వేసుకోవచ్చు. ఈ ఇటరేషన్ కదలికను ముందటి ఇటరేషన్ కదలికతో భాగిస్తే వచ్చే నిష్పత్తి r, కొంతసేపటికి ఒక విలువ దగ్గర నిలబడుతుంది. మిగిలిన తప్పు సుమారుగా కదలిక × r / (1 − r). పక్కపక్క ఇటరేషన్ల నిష్పత్తి 1కి మరీ దగ్గరగా ఉండి అంకెల గుండ్రింపులో కొట్టుకుపోతుందనిపిస్తే, వంద ఇటరేషన్ల దూరంలోని రెండు కదలికలను భాగించి వందో మూలం తీసుకోండి.

ఇంతకంటే నేను నమ్మే పరీక్ష ఇంకొకటి ఉంది. అది కరెంటు లెక్క. ఎడమ ప్లేటు నుంచి బయల్దేరిన కరెంటు అంతా కుడి ప్లేటులోకి చేరాలి, నడుమ ఏ నిలువు గీత గీసినా అంతే కరెంటు దాన్ని దాటాలి. పక్కపక్క నిలువు వరుసల మధ్య పొటెన్షియల్ తేడాలను కూడితే ఆ కరెంటు వస్తుంది. గోడ మీది బిందువులకు సగం గడే ఉంటుంది కాబట్టి వాటికి సగం బరువు.

```python
w = np.ones(101); w[[0, -1]] = 0.5
J = w @ (V[:, :-1] - V[:, 1:]) / w.sum()
print(J[0], J[50], J[-1])
```

జవాబు కుదురుకుంటే మూడు అంకెలూ 1.00 రావాలి, గడికి ఒక వోల్టు చొప్పున. 15 వోల్టుల దగ్గర ఆగిన ప్రోగ్రాములో ఎడమ ప్లేటు పక్కన 2.29, కుడి ప్లేటు పక్కన 0.07 వచ్చాయి. ఎడమ నుంచి బయల్దేరిన కరెంటులో ముప్పయ్యో వంతు కూడా కుడికి చేరలేదు. ఆ పిల్లల గ్రాఫులో సమపొటెన్షియల్ గీతలు ప్లేట్లకు సమాంతరంగా, వంకర లేకుండానే ఉన్నాయి. కాకపోతే ఎడమ పక్కకు కిక్కిరిసి ఉన్నాయి. గీతల ఆకారాన్నే చూసి ఎడం చూడకపోతే మోసపోతాం. 49.6 వచ్చిన ప్రోగ్రాములో ఇవే అంకెలు 1.013, 0.987. నడిబిందువులో తప్పు ఒక శాతం కంటే తక్కువే అయినా ప్లేట్ల దగ్గర కరెంట్ల మధ్య తేడా రెండున్నర శాతం దాకా ఉంది. ఎవరైనా ఈ ప్రోగ్రాముతో కెపాసిటెన్సో రెసిస్టెన్సో కడితే ఆ తప్పు నేరుగా జవాబులోకి ఎక్కుతుంది.

మూడు చోట్ల కొలవమనడానికి కారణముంది. తర్వాత ఒకబ్బాయి తెలివిగా ఆలోచించి, సున్నాకు బదులు అన్ని బిందువులకూ 50 వోల్టులతో మొదలుపెట్టాడు. మంచి ఆలోచనే, మొండి భాగం ఎగిరిపోయి లెక్క నాలుగింతలు వేగంగా సాగుతుంది. కానీ అతను కూడా టాలరెన్స్ 0.01 దగ్గరే ఉంచాడు. సుమారు 1,170 ఇటరేషన్లకు ఆగిన ప్రోగ్రాములో నడిబిందువు విలువ కచ్చితంగా 50. ఎడమ కరెంటు, కుడి కరెంటు కూడా కచ్చితంగా సమానం. ఈ రెండూ చూసి ఎవరైనా సరే అంటారు.

ఈ లెక్కలో మొదటి అంచనా, ప్లేట్లు, గోడలు అన్నీ నడిగీతకు అటూ ఇటూ సౌష్ఠవంగా ఉన్నాయి. అందుకని మొదటి ఇటరేషన్ నుంచే నడుమ 50 వోల్టులు, ఆ ప్లేటు కరెంటు ఈ ప్లేటు కరెంటుతో సమానం. లెక్క కుదురుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. J మూడు అంకెలు చూస్తే గుట్టు బయటపడుతుంది. ప్లేట్ల దగ్గర 1.65, నడుమ 0.39. ఎడమ నుంచి పావు దూరంలో 75 వోల్టులు ఉండాల్సిన చోట 65 ఉన్నాయి. సౌష్ఠవం ఉన్న లెక్కలో పరీక్షా బిందువును సౌష్ఠవపు గీత మీద పెట్టకూడదని మా రికార్డులో ఇప్పుడు పిల్లల చేత రాయిస్తున్నాం. కొలిచేది పావు దూరంలో.

ఇక వేగం. 39,000 ఇటరేషన్లు ఈ చిన్న గ్రిడ్‌కు కంప్యూటర్ భరిస్తుంది, గ్రిడ్‌ను నాలుగింతలు సన్నం చేస్తే భరించదు. 1950లో డేవిడ్ యంగ్, స్టాన్లీ ఫ్రాంకెల్ విడివిడిగా చూపించిన మందు ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. సగటు ఎంత కదలమంటే అంత కదలకుండా, ఆ దిక్కులోనే ω రెట్లు కదలడం. దీన్నే సక్సెసివ్ ఓవర్ రిలాక్సేషన్, పొట్టిగా ఎస్.ఓ.ఆర్. అంటాం. కొత్త విలువలను వెంటనే వాడుకోవాలి కాబట్టి గ్రిడ్‌ను చదరంగం బల్లలాగా రెండు రంగులు చేసి, ముందు ఒక రంగు బిందువులు, ఆ తర్వాత రెండో రంగువి మారుస్తాం. ఒక రంగు బిందువుకు నాలుగు పక్కలా రెండో రంగే ఉంటుంది కాబట్టి నంపై స్లైసులతోనే పని జరిగిపోతుంది.

```python
i, j = np.indices((101, 99))
for k in range(1000):
    for rangu in (0, 1):
        R = sagatu(V) - V[:, 1:-1]
        m = (i + j) % 2 == rangu
        V[:, 1:-1][m] += omega * R[m]
    if abs(sagatu(V) - V[:, 1:-1]).max() < 1e-7:
        break
```

ω ఎంత పెట్టాలన్నది హద్దుల మీద ఆధారపడుతుంది. చాలామంది `2/(1 + sin(π/N))` అనే సూత్రాన్ని కళ్ళు మూసుకుని వాడతారు, అది నాలుగు వైపులా విలువలు ఇచ్చిన చదరానికి. N = 100కు 1.939 వస్తుంది. మన ట్రేలో రెండు పక్కల ఇన్సులేటర్ ఉంది, μ వేరు. కాబట్టి అసలు సూత్రానికే పోవాలి.

```
ω = 2 / (1 + sqrt(1 − μ²))
μ = 0.999753  →  ω ≈ 1.957
```

1.939కీ 1.957కీ తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ 1.939తో నడిపితే ఇటరేషన్లు రెండింతలకు పైగా పడతాయి. ω రెండుకు దగ్గర పడేకొద్దీ లెక్క ఇంత సున్నితంగా ఉంటుంది. సరైన ω పెడితే 39,000 ఇటరేషన్ల పని కొన్ని వందల్లో అయిపోతుంది. ω 2కు చేరితే లెక్క ఎప్పటికీ కుదురుకోదు, దాటితే విలువలు పేలిపోతాయి. ఇంకో మాట, ఇక్కడ ఆపడానికి చూసేది R, అంటే సగటుకూ ఉన్న విలువకూ తేడా. V ఎంత మారిందన్నది ω మీద కూడా ఆధారపడుతుంది, R అలా కాదు. పోల్చడానికి అదే మేలు.

ప్రోగ్రాము ఇప్పుడు 50.00 చెబుతోంది, అంటే ట్రేలో 3.00 వోల్టులు. ట్రే దగ్గరికి పోయి మళ్ళీ కొలిస్తే మల్టీమీటర్ 2.7 అంటోంది. మొదట్లో "దాదాపు సగం" అని రాసుకున్నది ఈ 2.7నే. పావుతో పోల్చినప్పుడు అది సగంలా కనబడింది, ఇప్పుడు లెక్క శుభ్రపడ్డాక పది శాతం లోటు బయటకొచ్చింది.

రేకుల మీద పొర పట్టిందేమోనని గరుకు కాగితంతో రుద్ది చూశాం, అంకె మారలేదు. వైర్లు తారుమారు చేసి 6 వోల్టులను కుడి రేకుకు ఇస్తే నడుమ 3.3 వచ్చింది. ఇది పనికొచ్చే ఆచూకీ. మీటరు తప్పైతే రెండు పర్యాయాలూ ఒకే వైపు తప్పు చూపించాలి. ఇక్కడ 2.7, 3.3 కలిపితే సరిగ్గా 6, కాబట్టి ఎడమ సగం నీళ్ళలోనే కుడి సగం కంటే ఎక్కువ వోల్టేజి పడిపోతోంది. స్కేలు ముంచి లోతు చూస్తే ఎడమ రేకు దగ్గర 8 మిల్లీమీటర్లు, కుడి రేకు దగ్గర 12. బల్ల వాలుగా ఉంది. నడుమ 10 ఉంది కాబట్టి సెంటీమీటరు లోతు అని రాసుకున్నది తప్పేం కాదు.

లోతు మారుతుంటే సమీకరణమే మారుతుంది. పలచని నీటిలోంచి కరెంటు పోవడం కష్టం కాబట్టి ప్రతి పక్కకూ అక్కడి లోతు బరువుగా పెట్టి సగటు తీయాలి.

```python
d = np.linspace(8, 12, 101)
a = (d[:-1] + d[1:]) / 2
aL, aR, dc = a[:-1], a[1:], d[1:-1]
def sagatu(V):
    P = np.pad(V, ((1, 1), (0, 0)), mode="reflect")
    return (aL*V[:, :-2] + aR*V[:, 2:]
          + dc*(P[:-2, 1:-1] + P[2:, 1:-1])) / (aL + aR + 2*dc)
```

`a` రెండు నిలువు వరుసల నడుమనున్న లోతు. కరెంటు ఒక బిందువు నుంచి పక్క బిందువుకు పోయే దారి వాటి మధ్యలో ఉంటుంది, అందుకే బరువు కూడా అక్కడిదే. బిందువు మీది లోతునే రెండు వైపులా వాడితే ఎడమ, కుడి బరువులు సమానమై వాలు ప్రభావం పూర్తిగా మాయమవుతుంది, ప్రోగ్రాము మళ్ళీ 50 అంటుంది. J పరీక్షలో కూడా తేడాలను `a`తో గుణించాలి, లేకపోతే కుదురుకున్న జవాబు కూడా తప్పుగా కనబడుతుంది.

దీనికి కాగితం మీద జవాబుంది. ఎడమ సగంలో పడిపోయే వోల్టేజి మొత్తంలో ln(10/8) / ln(12/8) వంతు, అంటే 0.550. నడుమ మిగిలేది 0.450 వంతు, 6 వోల్టులకు 2.70. ప్రోగ్రాము 44.97 అంది, 0.06తో గుణిస్తే అదే 2.70. బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టి సమం చేశాక మీటరు కూడా 3.0 దగ్గరకొచ్చింది.

ఈ ప్రోగ్రామును అలాగే చిన్న ప్లేట్లకు తీసుకుపోయేవాళ్ళకు ఒక పరిమితి చెప్పాలి. ట్రే అంచులకు బదులు లోపల, ఎదురెదురుగా 10 సెంటీమీటర్ల రేకులు రెండు పెట్టి చేసే ప్రయోగం కూడా ఉంది. అప్పుడు నాలుగు గోడలూ ఇన్సులేటర్లే, `np.pad` రెండు దిక్కులా అద్దం పట్టాలి. రేకుల మీది బిందువులను మాస్కుతో కదలకుండా ఉంచాలి. పొటెన్షియల్ చక్కగానే వస్తుంది, రేకుల వెనక్కు గీతలు ఒంపు తిరగడం కూడా ట్రేతో సరిపోతుంది. కానీ పిల్లలు రేకు కొన దగ్గర ఫీల్డ్ ఎంతని అడుగుతారు. పలచని రేకు కొన దగ్గర పొటెన్షియల్ దూరపు వర్గమూలంలా మారుతుంది, ఫీల్డ్ దూరపు వర్గమూలానికి విలోమంగా పెరిగిపోతుంది. గడి సైజును సగం చేసిన ప్రతిసారీ కొన పక్క గడిలో ఫీల్డ్ సుమారు 1.41 రెట్లవుతుంది, ఎక్కడా నిలబడదు. కాబట్టి 2 మిల్లీమీటర్ల గ్రిడ్ మీద కొన దగ్గర వచ్చిన అంకె ఆ గ్రిడ్‌దే, రేకుది కాదు. రేకు మొత్తం కరెంటు అలా కాదు, గ్రిడ్ సన్నబడేకొద్దీ ఒక విలువ వైపు పోతుంది. చిన్న రేకుల ప్రయోగంలో రికార్డులో రాయమనేది ఆ మొత్తం కరెంటునే, 2 మిల్లీమీటర్ల గడులతో ఒకసారి, 1 మిల్లీమీటరు గడులతో ఒకసారి, రెండు అంకెలూ పక్కపక్కన.